ఎలక్ట్రాన్ అవరోధాన్ని దాటే సంభావ్యత: e^(−2κL) ఒక్కటే చాలా?

ప్రశ్న: బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. E = 1 eV, V₀ = 5 eV, L = 0.5 nm అయితే టన్నెలింగ్ సంభావ్యతకు e^(−2κL) ఒక్కటే వేస్తే సరిపోతుందా సార్? ఎస్‌టీఎం మైక్రోస్కోపులో దీని అవసరం ఏమిటి?

సమాధానం: గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గర చదువుకునే విద్యార్థులకు ముందుగా ఒక సంఖ్యను కంఠస్థం చేయిస్తాను. V₀ − E విలువను ఎలక్ట్రాన్ వోల్టులలో తీసుకుంటే, κ = 5.12√(V₀ − E), నానోమీటరుకు. జౌళ్లలోకి మార్చబోయి పది ఘాతాల దగ్గర తడబడే బాధ దీనితో తప్పుతుంది.

మీ లెక్కలో తేడా 4 eV కనుక κ = 10.25, 2κL = 10.25, e^(−10.25) సుమారు 3.5×10⁻⁵. దీని ముందు ఉండే గుణకాన్ని వదిలివేయకూడదు.

T ≈ 16(E/V₀)(1 − E/V₀)e^(−2κL)

ఇక్కడ ఆ గుణకం 2.56, కాబట్టి T సుమారు 9.1×10⁻⁵. sinh² ఉన్న పూర్తి సూత్రంతో చేసినా ఇదే వస్తుంది. అయితే ఈ ఉజ్జాయింపు κL ఒకటి కంటే బాగా పెద్దదైనప్పుడే చెల్లుతుంది. L ను 0.04 nm కు తగ్గించి చూడండి: ఉజ్జాయింపు 1.13 అంటుంది, అసలు విలువ 0.78. సంభావ్యత ఒకటి దాటిందంటే సూత్రం తన హద్దు దాటినట్టే.

ఇప్పుడు L ను 0.6 nm చేయండి. T సుమారు 1.2×10⁻⁵ కు పడిపోతుంది, అంటే దాదాపు 7.8వ వంతు. రెండు విలువల నిష్పత్తి తీసుకున్నప్పుడు ముందున్న గుణకం కొట్టుకుపోయి ఘాతాంకం మాత్రమే మిగులుతుంది. జ్యూరిచ్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బినిగ్, రోరర్ 1981లో పనిచేయించిన ఎస్‌టీఎంకు ఆధారం ఈ నిష్పత్తే. సూది మొనలో అన్నిటికంటే ముందున్న పరమాణువుతో పోలిస్తే, 0.25 nm వెనుక ఉన్న దాని ద్వారా వచ్చే విద్యుత్తు సుమారు 170వ వంతు మాత్రమే. అందువల్ల మొన మొద్దుగా కనిపించినా, కొలిచే విద్యుత్తులో అధిక భాగం ఒక్క పరమాణువు గుండానే ప్రవహిస్తుంది. విడి పరమాణువులు కనబడేది అందుకే.

నిజానికి సూదికీ నమూనాకూ మధ్య ఉండే అవరోధం దీర్ఘచతురస్రాకారంలో ఉండదు. వోల్టేజి దానిని వాల్చుతుంది, ప్రతిబింబ ఆవేశం పైఅంచులను గుండ్రంగా చేసి ఎత్తును తగ్గిస్తుంది. అందుకే T అసలు విలువ కోసం ఈ నమూనాను నమ్మను, వాలు కోసం మాత్రం నమ్ముతాను. ఎస్‌టీఎంపై పనిచేసిన రోజుల్లో చిత్రం తీసే ముందు సూదిని కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ ln I కు గ్రాఫు గీసేవాళ్లం; దాని వాలు −2κ, దాని నుంచి అవరోధపు ఎత్తు తెలుస్తుంది. శుభ్రమైన లోహాలకు శూన్యంలో అది 4 eV పరిసరాల్లో ఉండాలి. గాలిలో కొలిచినప్పుడు 1 eV కంటే తక్కువ వస్తే, మొనకూ ఉపరితలానికీ మధ్య తేమో మలినాల పొరో చేరిందని గ్రహించి సూదిని మార్చేవాళ్లం.