డబ్బు పంపాక మోసమని తెలిస్తే: మొదటి గంట

ప్రశ్న: పార్ట్‌టైమ్ పని అని నమ్మించి టాస్కులిచ్చారు. ఈరోజు 11:20కి రూ.18,000, 11:35కి రూ.42,000 యూపీఐలో పంపాను. వాళ్లు చెప్పిన యాప్ కూడా ఫోన్లో వేసుకున్నాను. ఇంకో రూ.15,000 కడితే మొత్తం తిరిగొస్తుందంటున్నారు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఆ పదిహేను వేలు కట్టకండి. మోసం తెలిసిందని వాళ్లకు చెప్పకండి, తిట్టకండి. చాట్ చెరిపేయకండి, అది మీకు సాక్ష్యం.

ముందు ఆ ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. వాళ్ల యాప్ మీ స్క్రీన్‌ని చూపించేదైతే, మీరు బ్యాంకు యాప్ తెరవగానే అంతా వాళ్ల కళ్ల ముందే ఉంటుంది. ఇకపై మాటలన్నీ ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచే.

నెట్ లేకపోయినా డబ్బు కట్ అయినప్పుడు బ్యాంకు పంపిన ఎస్ఎంఎస్‌లు కనిపిస్తాయి. వాటిలో సాధారణంగా 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది, అదే యూటీఆర్. చాలామంది తడబడేది ఇక్కడే. యూపీఐ యాప్ రసీదులో అక్షరాలూ అంకెలూ కలిసిన మరో నంబర్ కూడా ఉంటుంది. అది యాప్ సొంత నంబర్, దాంతో బ్యాంకు లావాదేవీని పట్టుకోవడం కష్టం. మీవి రెండు లావాదేవీలు కాబట్టి రెండు యూటీఆర్‌లూ, వాటి సమయం, మొత్తం, అవతలి యూపీఐ ఐడీ కాగితం మీద రాసుకోండి.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఆ కాగితం చూస్తూ చెప్పండి. లైను దొరక్కపోతే ఎదురుచూస్తూ కూర్చోకుండా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ఈ తొందర ఎందుకంటే, మీ డబ్బు పడింది సాధారణంగా ఎవరిదో అద్దె ఖాతాలో. అక్కడినుంచి నిమిషాల్లో ముక్కలై వేరే ఖాతాలకు పోతుంది, చివరికి ఏటీఎంలో నోట్లవుతుంది. ఫిర్యాదు అందిన బ్యాంకు తన దగ్గర మిగిలినదాన్ని కదలకుండా ఆపగలదు. నోట్లుగా బయటికి పోయినదాన్ని ఆపలేదు. అందుకే అరవై వేలూ దొరుకుతాయని మాటివ్వలేను. ఎంత ఆగితే అంతే.

తర్వాతి కాల్ మీ బ్యాంకుకి. యూపీఐ, కార్డులు, నెట్‌బ్యాంకింగ్ ఆపించి, ఫిర్యాదు నంబర్, సమయం అడిగి రాసుకోండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, మీ అనుమతి లేకుండా జరిగిన లావాదేవీ గురించి బ్యాంకుకు తెలియజేశాక ఇంకా పోయే డబ్బు భారం బ్యాంకుదే. మీరే పంపిన ఆ అరవై వేలకు మాత్రం ఇది వర్తించదు.

ఆ యాప్ పేరు, చాట్ ఫొటోలను ఇంకో ఫోన్‌తో తీసి, ఆ తర్వాతే యాప్‌ని తీసేయండి. మీ డబ్బులో ఏదైనా ఆగితే అది మీ చేతికి రావడానికి కోర్టు ఉత్తర్వు అవసరం పడవచ్చు. 1930 ఇచ్చిన నంబర్, బ్యాంకు స్టేట్‌మెంట్ భద్రంగా ఉంచండి. ఈలోగా ‘మీ డబ్బు రాబడతాం, ఫీజు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే, వాళ్లూ అదే బాపతు.