ఆ 200 రూపాయలు ఎక్కడ నుంచి వచ్చాయి?

చి. ల. సౌ. సుధకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కరెంటు బిల్లు ఫొటో, నీ చేతి లెక్క రెండూ చూశాను. బిల్లులో 200 రూపాయలు ఎక్కువ వేశారని నీ ఫిర్యాదు. బిల్లుల సెక్షన్‌లో ముప్పై ఏళ్లు కూర్చున్నవాణ్ణి కదా, ఆ అంకె చూడగానే నవ్వొచ్చింది. నీ కూడికలు తప్పు కాదు. విజయవాడ లెక్కను హైదరాబాదు బిల్లుకు వేశావు, అదే చిక్కు.

విజయవాడలో 2022 నుంచి ఇళ్లకు రేట్ల వరుస ఒక్కటే. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, తర్వాతి 45 మూడు రూపాయల చొప్పున, ఆపై 50 నాలుగున్నర చొప్పున, తర్వాత వంద ఆరు చొప్పున. ఎంత వాడినా కింది మెట్ల రేటు మారదు. 200 యూనిట్లకు 867 రూపాయలు అయితే, 201కి 873. ఒక యూనిట్ పెరిగితే ఆరు రూపాయలే పెరుగుతాయి.

తెలంగాణలో మెట్ల కన్నా ముందు గది చూడాలి. నెల మొత్తం వాడకాన్ని బట్టి నిన్ను మూడు గదుల్లో ఒకదానిలో కూర్చోబెడతారు. వంద లోపు ఒకటి, వంద దాటి 200 వరకు ఒకటి, 200 దాటితే ఇంకొకటి. ఒక్కో గదికి రేట్ల పట్టిక వేరు. రెండో గదిలో మొదటి వంద 3.40 చొప్పున, తర్వాతి వంద 4.80 చొప్పున. మూడో గదిలోకి అడుగుపెట్టావా, మొదటి యూనిట్ నుంచే 200 యూనిట్లకూ 5.10 పడుతుంది. ఆ పైన 300 వరకు 7.70. ఇవి 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్లు, నీ బిల్లు వీటితోనే సరిపోయింది. రేట్లు నిర్ణయించే కమిషన్ కొత్త ఉత్తర్వు ఇస్తే అంకెలు మార్చుకో, పద్ధతి ఇదే.

ఇప్పుడు నీ బిల్లు. రీడింగ్ 6418, పాతది 6204, వాడినవి 214. నువ్వు వందకు 340, ఇంకో వందకు 480, మిగిలిన 14కు 107.80 వేసి 927.80 తేల్చావు. వాళ్లు 200 యూనిట్లకు 1020, 14కు 107.80 వేసి 1127.80 అన్నారు. 1020లోంచి 820 తీసెయ్యి. నీ 200 రూపాయలు అక్కడున్నాయి. 14 యూనిట్లు నీకు పడింది 107 రూపాయలకు కాదు, 307 రూపాయలకు! మూడో గదిలోకి వెళ్లిన ప్రతి ఇంటికీ ఈ తేడా కచ్చితంగా 200 రూపాయలే వస్తుంది కనుక, ఇకముందు ఆ అంకె కనిపిస్తే కారణం వెతకనక్కర్లేదు.

ఇదంతా ఎనర్జీ ఛార్జీల వరస మాత్రమే. దాని కింద యూనిట్‌కు ఆరు పైసల డ్యూటీ ఉంటుంది, నీకు 12.84 పడింది. ఫిక్స్‌డ్ ఛార్జీ మీ ఇంటికి మంజూరైన కిలోవాట్లను బట్టి, కస్టమర్ ఛార్జీ వాడకాన్ని బట్టి. వీటిని కలిపేసి చూస్తే ఎవరికైనా లెక్క తప్పుతుంది. ముందు ఎనర్జీ వరస ఒక్కటీ సరిచూసుకో.

తర్వాత చూడాల్సింది తేదీలు. ఈ హద్దులు నెలకు పెట్టినవి. నీ బిల్లుకు సరిగ్గా 30 రోజులున్నాయి, అక్కడ అడగడానికేమీ లేదు. కానీ రీడింగ్ తీసే అబ్బాయి అయిదు రోజులు ఆలస్యంగా వచ్చి అదే 214 రాశాడనుకో, రోజుకు ఆరు యూనిట్లే అయ్యాయి, అంటే నెలకు 183. అప్పుడు మూడో గది రేటు వేసి ఉంటే రెండు బిల్లులూ పట్టుకుని సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, రోజుల లెక్కన సరిచూడమని అడుగు. మేము ఉన్నప్పుడు ఇలా అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్లు మొత్తం చూసి తిట్టుకుంటూ కట్టేసేవాళ్లు.

నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి ఉన్న మీ పక్కింటివాళ్లకైతే ఈ హద్దు ఇంకా పదును. 200 దాటిన నెల మొత్తం బిల్లూ వాళ్లే కట్టుకోవాలి.

రీడింగ్ తీసిన ఇరవయ్యో రోజున మీటరు చూడు. తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి, పక్కన kWh అని కనిపించేదే నీకు కావాల్సింది. kW అని వచ్చేది వేరు. చుక్క తర్వాత అంకెలు వదిలెయ్యి. పాత రీడింగ్ తీసేస్తే 150 వచ్చిందనుకో, మిగిలిన పది రోజులకు రోజుకు అయిదే ఉన్నాయి. అప్పటిదాకా ఏడున్నర వాడుతున్నావు కనుక, అలాగే వదిలేస్తే 225కు చేరుతుంది. మీ రెండు కిలోవాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్. వేసి మరిచిపోయి గంట ఉంచితే రెండు. ఈ నెల నిన్ను గది దాటించిన 14 యూనిట్లు అలాంటివే కావచ్చు, నువ్వే చూసుకో. వాడకం 260, 270 దగ్గర తేలే ఎండాకాలంలో మాత్రం ఈ పాట్లు పడకు, పిల్లలను ఉక్కపోతలో పెట్టి సాధించేదేమీ ఉండదు.

వచ్చే నెల ఇరవయ్యో రోజున మీటరు దగ్గర నిలబడి నాకు ఫోను చెయ్యి, అంకె చదువు.

మీ మామయ్య