సర్వీస్ లెర్నింగ్ తర్వాత పిల్లల బాధ్యత స్కోరు తగ్గితే పేపర్లో ఏం రాయాలి?

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలతో ఏడాది పాటు సర్వీస్ లెర్నింగ్, అంటే చదువుతో ముడిపెట్టిన సమాజ సేవ, చేయించాం. దానివల్ల వాళ్లలో బాధ్యత పెరిగిందా అన్నదాని మీద పేపర్ రాస్తున్నాను. మొదట్లో, చివర్లో ఒకే ప్రశ్నాపత్రం ఇస్తే సగటు స్కోరు పెరగకపోగా కాస్త తగ్గింది. అంటే ఉపయోగం లేనట్టేనా? పేపర్లో ఏమని రాయాలి?

జవాబు:

ఆ సగటు ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రాకండి. హైస్కూలు పిల్లలతో ఇలాంటి కార్యక్రమాలు చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. మీరు చెప్పే తగ్గుదల నాకు బాగా పరిచయమే. అది ఎలా వస్తుందో ఒక అమ్మాయి విషయంలో దగ్గర్నుంచి చూశాను కాబట్టి, ముందు అది చెబుతాను.

మా పెద్ద పిల్లలు వారానికోసారి ఒకటో తరగతి పిల్లల దగ్గరికి వెళ్లి కథలు చదివి వినిపించేవారు. ఒక్కొక్కరికి ఒక చిన్న పిల్లాడినో పిల్లనో అప్పజెప్పాం. మొదట్లో ఇచ్చిన ప్రశ్నాపత్రంలో "ఒప్పుకున్న పని ఎవరూ గుర్తు చేయకుండానే పూర్తి చేస్తాను" అనే వాక్యానికి ఈ అమ్మాయి అయిదుకి అయిదు వేసుకుంది. చివర్లో అదే వాక్యానికి మూడు. ఈ రెండు అంకెలే చూస్తే బాధ్యత తగ్గిందనే అనుకుంటాం. ఆమె రాసుకున్న నోట్‌బుక్‌లో మాత్రం కథ వేరేలా ఉంది. ఒక వారం చెప్పకుండా మానేసింది. ఆ రోజు ఆ పిల్లాడు ఇంకెవరి దగ్గరా కూర్చోనని మొండికేశాడని మర్నాడు తెలిసింది. అప్పట్నుంచి రాలేని వారం ముందే ఒక స్నేహితురాలికి ఒప్పజెప్పి, కథ ఏ పేజీలో ఆగిందో, వాడికి ఏ మాట దగ్గర నాలుక తిరగదో చీటీ రాసిచ్చేది. చేతల్లో బాధ్యత పెరిగింది, తనకు తాను వేసుకునే మార్కు తగ్గింది.

ఇక్కడ మారింది ఆమె కొలబద్ద. ఏడాది మొదట్లో "ఒప్పుకున్న పని" అంటే ఆమెకు హోంవర్కు. చివరికి వచ్చేసరికి, తన కోసం ఎదురుచూసే ఒక మనిషి. పరిశోధకులు దీన్ని రెస్పాన్స్ షిఫ్ట్ అంటారు. జార్జ్ హోవర్డ్, ఆయన సహచరులు 1970ల చివర్లోనే శిక్షణ కార్యక్రమాల్లో దీన్ని గమనించి ఒక మార్గం సూచించారు. చివర్లో ఒకేసారి కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగడం: ఇప్పుడు మీరెలా ఉన్నారు, ఇప్పుడు ఆలోచిస్తే ఏడాది మొదట్లో ఎలా ఉండేవారు. రెండు జవాబులూ ఒకే కొలబద్ద మీద పడతాయి. ఆ అమ్మాయి "ఇప్పుడు" దగ్గర మూడు ఉంచి, "అప్పుడు" దగ్గర రెండు వేసింది.

మీ పిల్లలు ఇంకా అందుబాటులో ఉంటే ఇది ఇప్పటికైనా చేయొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. టీచరు ఎదురుగా నిలబడి అడిగితే పిల్లలు ఆయన్ని సంతోషపెట్టడానికి పాత మార్కు తగ్గించి రాస్తారు. వేరే ఎవరైనా ఫారాలు ఇవ్వాలి, పేర్లకు బదులు కోడ్ వేయించాలి. వచ్చిన ఫలితాన్ని పాత ఫలితం స్థానంలో పెట్టకుండా, రెండూ పక్కపక్కన చూపించి, ఏది ముందే అనుకున్న కొలతో, ఏది తర్వాత చేర్చిందో స్పష్టంగా రాయాలి.

ఎంత జాగ్రత్తపడ్డా ఇదీ పిల్లలు తమ గురించి తాము చెప్పుకునే మాటే. అందుకే చేతల ఆనవాళ్లు వెతకమంటాను. హాజరు పట్టీలో రాని రోజులు లెక్కపెడితే చాలదు. రాలేనని ముందే చెప్పారా, తమ బదులు ఇంకొకర్ని పంపారా, ఎవరో గుర్తు చేస్తేనే వచ్చారా అనేవి మొదటి నెలలకూ చివరి నెలలకూ పోల్చి చూడండి. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన అధ్యయనం, అమెరికాలో టీన్ ఔట్‌రీచ్ అనే కార్యక్రమం మీద జోసెఫ్ అలెన్ బృందం 1997లో ప్రచురించినది. పిల్లలు స్వచ్ఛంద సేవ చేసి, దాని గురించి తరగతిలో చర్చించేవారు. పరిశోధకులు 25 చోట్ల దాదాపు 700 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, సబ్జెక్టు తప్పారా, సస్పెండ్ అయ్యారా వంటివి లెక్కించారు. సేవ చేసిన గుంపులో ఇవి తక్కువగా కనిపించాయి. "నువ్వు బాధ్యత గలవాడివా" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు కన్నా ఇవి గట్టి సాక్ష్యం.

ఆ చీటీల పద్ధతి మీ దగ్గర లేదు కాబట్టి, పేపర్లో ఒక పరిమితి దాచకుండా రాయండి. ఈ వయసులో పిల్లలు ఏ కార్యక్రమం లేకపోయినా ఏడాదిలో మారతారు. పోల్చడానికి ఇంకో తరగతి లేనప్పుడు ఏది వయసు వల్ల వచ్చిందో, ఏది సేవ వల్ల వచ్చిందో విడదీయలేరు. ఇష్టపడి చేరినవాళ్లనే కొలిచి ఉంటే వాళ్లు మొదట్నుంచే వేరు.

పిల్లల సంఖ్య సంగతీ ఉంది. సెలియో, డర్లాక్, డిమ్నికీ అనే పరిశోధకులు 2011లో సర్వీస్ లెర్నింగ్ మీద వచ్చిన 62 అధ్యయనాలను కలిపి చూస్తే పౌర భాగస్వామ్యం వైపు సగటు ప్రభావం 0.27 వచ్చింది. అంటే ప్రామాణిక విచలనంలో పావు వంతుకు కాస్త ఎక్కువ. రెండు గుంపులను నేరుగా పోల్చి 0.3 పాటి తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే గుంపుకి 175 మంది దాకా కావాలి. ఒక్క తరగతిలో నిజంగా పెరుగుదల ఉన్నా అది మామూలు హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. మీ తగ్గుదల చిన్నదే అయితే, దాన్ని "తగ్గింది" అని కూడా రాయకూడదు.

ఇక పిల్లలు చేసిన పని ఏమిటో మీరు ప్రశ్నలో చెప్పలేదు. నా అనుభవంలో అన్నిటికన్నా తేడా తెచ్చేది అదే. అందరూ కలిసి ఒక రోజు ఆవరణ శుభ్రం చేస్తే ఒకరు రాకపోయినా ఎవరికీ తెలియదు. గంటలు నింపి సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది. ఒక మనిషి తన కోసమే ఎదురుచూసే పనిలో, ఏం చదవాలి, ఎలా సర్దుకోవాలి అన్నది తనే నిర్ణయించుకునే పనిలో, రాకపోవడానికి ఒక ఫలితం ఉంటుంది. పైన చెప్పిన 2011 సమీక్షలో కూడా పనిని పాఠంతో ముడిపెట్టడం, పిల్లల మాటకు చోటివ్వడం, ఆ సమాజాన్ని కలుపుకోవడం, చేసినదాని గురించి ఆలోచింపజేయడం ఉన్నచోట ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. మీ దగ్గర రెండు రకాల పనులూ జరిగి ఉంటే ఆ పిల్లల స్కోర్లను కలిపేసి సగటు తీయొద్దు, విడివిడిగా చూపించండి.

ముందుగా ఈ వారమే అసలు ఫారాలు బయటికి తీసి వాక్యం వాక్యంగా చూడండి. మొదటి సారి దాదాపు అందరూ అయిదు వేసిన వాక్యాల్లోనే తగ్గుదల ఉంటే, అక్కడ పైకి వెళ్లే చోటే లేదు. ఆ మాట పట్టికతో సహా రాయండి. చివరి ఫారాల్లో పై నుంచి కింది దాకా ఒకే అంకె నిలువుగా దిగిన కాగితాలు ఎక్కువుంటే, పిల్లలు విసిగి చదవకుండానే నింపారన్నమాట. వాటిని కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్క కట్టి రెండు అంకెలూ ఇవ్వండి. తగ్గుదల పని తీరుకు సంబంధించిన వాక్యాల్లోనే ఉండి, అదే పిల్లల నోట్‌బుక్‌లలో "నేను రాకపోతే" లాంటి మాటలు కనిపిస్తే, మీ పేపర్‌లో చర్చ భాగం అక్కడ మొదలుపెట్టండి.