ఆదివారం మీటింగుకు ముందు

హనుమకొండ

బిడ్డా,

మీ అపార్ట్‌మెంట్ కూల్చి కొత్తగా కట్టే ప్రతిపాదన ఆదివారం జనరల్ బాడీలో నువ్వే పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ప్రెసిడెంట్‌వి, నువ్వు కాక ఇంకెవరు పెడతారు! అయినా నాకు రాత్రంతా నిద్ర లేదు.

నోటీసులో ఈ విషయం రాసి ముందే పంపు. పెచ్చులూడి సలాకలు తేలిన స్లాబు ఫొటోలు చూపించు. మరమ్మతు ఖర్చు, కొత్తగా కట్టే ఖర్చు రెండూ చెప్పు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా అడుగుల లెక్క గురించే. నేను ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు మాది 16 ఫ్లాట్ల బిల్డింగు, లిఫ్టు లేదు. కాగితాల్లో ఒక్కో ఫ్లాటు 900 చదరపు అడుగులు. బిల్డర్ 1,100 ఇస్తానన్నాడు. నేను మైకు పట్టుకొని "పైసా పెట్టకుండా ఒక్కొక్కరికీ 200 అడుగులు ఎక్కువ" అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయాను.

వారానికి మూడో అంతస్తు టీచరమ్మ టేపు, ప్లాను కాగితం పట్టుకొని మా ఇంటికొచ్చింది. వాళ్ల ఫ్లాటు లోపల కొలిస్తే 740 అడుగులు. కొత్త ప్లానులో గదులన్నీ కూడితే 770. మిగతా 330 బాల్కనీ, బయటి గోడలు, లిఫ్టు, మెట్లు, కారిడార్ల వాటా. "పెరిగింది 30 అడుగులే అన్నా, ఐదు బై ఆరు బాత్రూమంత" అన్నది. బిల్డర్ అబద్ధమాడలేదు, అతను చెప్పింది సూపర్ బిల్టప్. దాన్ని ఇల్లు పెరిగినట్టు చెప్పిన నోరు నాది. కమిషన్ తిన్నానని మెట్ల మీద గుసగుసలు. మీ అత్తమ్మ కొన్నాళ్లు కింద పాల ప్యాకెట్లకు కూడా పోలేదు. ప్రతిపాదన అక్కడే ఆగింది.

అందుకే నువ్వు కార్పెట్ ఏరియా తప్ప ఇంకో అంకె నోట రానీయకు. 2016 రెరా చట్టం లెక్కలో గదుల మధ్య గోడలు అందులో కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు. ఇప్పుడెంత, రేపెంత అని బోర్డు మీద పక్కపక్కనే రాయి. భూమి వాటా తగ్గుతుందని కూడా నువ్వే ముందు చెప్పు. మాది 800 గజాలు, తలా 50 గజాలు. బిల్డర్ అమ్ముకునే 16 ఫ్లాట్లు కలిస్తే 25 అయ్యేది. ఆ సంగతి నేనసలు ఎత్తనే లేదు.

ఆ రోజు ఏ బిల్డర్ పేరూ తీయకు. కొలతలు తీసి, బిల్డర్ల రేట్లు తెప్పించే కమిటీ వేయడం వరకే తీర్మానం. మీ ఆయన దోస్తు ఒకతను బిల్డరే కదా! అతను రేటు ఇచ్చే ఉద్దేశంలో ఉంటే ఆ మాట మొదటి నిమిషంలోనే నువ్వే చెప్పేయి, లేకుంటే వేరేవాళ్లు చెప్తారు.

ఎవరైనా గద్దిస్తే నీ గొంతు పైకి లేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. కింది అంతస్తు ముసలాయన "కట్టేదాకా నేనుంటానా?" అని తప్పకుండా అడుగుతాడు. ఆయనకు మైకులో జవాబు చెప్పకు. మీటింగయ్యాక పక్కన కూర్చో.

శనివారం పొద్దున వస్తున్నా. టేపు నా దగ్గరుంది. ముందు మీ ఫ్లాటే కొలుద్దాం.

మీ మామయ్య