మీటింగ్ అడిగిన మెయిల్‌కి జవాబు రాకపోతే రెండోసారి ఏం రాయాలి?

ప్రశ్న: ఒక మేనేజర్ గారికి మీటింగ్ కావాలని మెయిల్ పెట్టి ఐదు రోజులైంది. ఉలుకూ పలుకూ లేదు. గుర్తు చేయాలి కానీ వెంటపడుతున్నట్టు ఉండకూడదు, బతిమాలినట్టూ ఉండకూడదు. ఏం రాయాలి?

జవాబు: నాది విశాఖ ఆటోనగర్‌లో చిన్న కాలిబ్రేషన్ షాపు. ప్రెజర్ గేజ్‌లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాం. పని దొరకాలంటే పరవాడ ఫార్మాసిటీలో మెయింటెనెన్స్ మేనేజర్లను కలవాలి, కలవాలంటే ముందు మెయిల్ పెట్టాలి. జవాబు రాని మెయిళ్లు నా దగ్గర బోలెడు.

రెండేళ్ల కిందట ఒక మేనేజర్ గారికి "వచ్చే వారం మీకు వీలైనప్పుడు అరగంట కలవొచ్చా" అని మంగళవారం రాశాను. శుక్రవారం దాకా చూసి ఇంకోటి పెట్టాను: "సార్, మీరు చాలా బిజీ అని తెలుసు. ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. వీలుంటే నా మెయిల్ ఒకసారి చూడండి." జవాబు లేదు. సోమవారం టెన్షన్ ఆగక పొద్దున్నే ఫోన్ చేశాను, ఎత్తలేదు. అంతటితో ఊరుకోకుండా ఆయన పై అధికారిని సీసీలో పెట్టి అదే మెయిల్ మళ్లీ పంపాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది: "అవసరమైతే మేమే పిలుస్తాం." ఇప్పటికీ పిలవలేదు.

సీసీ తప్పని అప్పుడే అర్థమైంది. శుక్రవారం మెయిల్‌లో తప్పు మాత్రం చాలా రోజుల తర్వాత గానీ కనబడలేదు. మర్యాద ఎక్కువైందని కాదు, ఆయన జవాబివ్వడానికి అందులో ప్రశ్నే లేదు. మంగళవారం మెయిల్‌లో రాసిన "వీలైనప్పుడు" కూడా అంతే, అంటే ఆయనే క్యాలెండర్ తెరిచి, ఖాళీ వెతికి, నాకు రాయాలి. నా పని తీసుకెళ్లి ఆయన నెత్తిన పెట్టాను.

కిందటేడు ఇంకో ప్లాంటులో మళ్లీ ఇదే పరిస్థితి వచ్చింది. బుధవారం మొదటి మెయిల్ పెట్టాను. శని ఆదివారాలు వదిలేసి నాలుగు పని దినాలు ఆగి, తర్వాతి మంగళవారం 11 గంటలకు పంపాను. పొద్దున మొదటి గంటా రెండు గంటలూ వాళ్లు ప్రొడక్షన్ మీటింగుల్లో ఉంటారు, అప్పుడు వచ్చిన మెయిల్ అడుగున పడిపోతుంది. కొత్త మెయిల్ పెట్టలేదు, పాతదానికే రిప్లై నొక్కి రాశాను. రాసింది ఇంగ్లీషులో, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"నమస్తే సార్. గేజ్‌ల కాలిబ్రేషన్ గురించి బుధవారం రాసిన మెయిల్ కింద ఉంది. ఈ గురువారం వేరే పని మీద పరవాడ వస్తున్నాను. ఆ రోజు 11 గంటలకు గానీ, శుక్రవారం 3 గంటలకు గానీ 20 నిమిషాలు కుదురుతుందా? ఈ వారం కుదరకపోతే ఏ వారం రమ్మంటారో చెప్పండి చాలు. ఈ పని వేరేవాళ్లు చూస్తుంటే వాళ్ల పేరు చెప్పినా సరే."

ఇందులో క్షమాపణ లేదు, "ఇంకా జవాబు రాలేదు" అన్న మాటా లేదు. ఆ మాట ఎంత మెల్లగా చెప్పినా నిలదీసినట్టే ఉంటుంది. "గురువారం" అని ఒక్క ముక్క కొట్టినా జవాబైపోతుంది. చివరి రెండు వాక్యాలు కాదనడానికి దారి ఇస్తాయి, అందుకే ఒత్తిడి అనిపించదు. అన్నట్టు, "ఆ వైపు వస్తున్నాను" అనేది నిజమైతేనే రాయండి. ఒకసారి నేను ఊరికే రాస్తే "ఎవరి దగ్గరికి?" అని అడిగారు.

ఆ సాయంత్రమే జవాబొచ్చింది: "ఈ నెలంతా షట్‌డౌన్ పనులు. వచ్చే నెల మొదటి వారంలో గుర్తు చేయండి." వారం రోజులు నేను నన్ను వద్దనుకున్నారనే అనుకున్నాను, ఆయనేమో ప్లాంటు ఆపి పంపులు విప్పించుకుంటున్నారు. "అలాగే సార్, 3వ తేదీన రాస్తాను" అన్నాను, 3వ తేదీనే రాశాను. పని కూడా దొరికింది.

రెండోదానికీ జవాబు రాకపోతే పది రోజులు ఆగి ఒక్కటే పెడతాను: "ఇప్పుడు అవసరం లేదనుకుంటున్నాను సార్. మీ సర్టిఫికెట్ల గడువు దగ్గరపడినప్పుడు మళ్లీ రాస్తాను." ఆ గడువు వచ్చేదాకా నిజంగానే ఆగుతాను. వాట్సాప్‌లో మాత్రం, ఆయన తనంతట తాను నంబర్ ఇస్తే తప్ప మెసేజ్ పెట్టను. గేటు దగ్గర సెక్యూరిటీని అడిగి తీసుకున్న నంబర్‌కి పెడితే మొదటి ప్రశ్న "నా నంబర్ ఎవరిచ్చారు?" అనే వస్తుంది.

మీ ఐదు రోజుల్లో శని ఆదివారాలు కూడా కలిసి ఉంటే ఇంకో రోజు ఆగి పంపండి. పంపేముందు మొదటి మెయిల్‌లో ఏ తేదీలు ఇచ్చారో చూసుకోండి. అవి దాటిపోయి ఉంటే కొత్తవి రాయండి.