విజిల్ పడగానేనా, పడేసరికా? మ్యాచ్ రిపోర్టులో ‘హ్యాడ్’ లెక్క

ప్రశ్న: సార్, మాది మలికిపురం. డిగ్రీ అయిపోయింది, ఎస్సెస్సీ సీజీఎల్‌కి చదువుతున్నాను. మాక్ టెస్టులో కబడ్డీ మ్యాచ్ రిపోర్టు ఇచ్చి, ఖాళీల్లో సింపుల్ పాస్ట్ రాయాలో పాస్ట్ పర్ఫెక్ట్ రాయాలో తేల్చమన్నారు. ‘ముందు జరిగినదానికి హ్యాడ్’ అన్న రూలు ప్రకారమే పెట్టాను, సగం తప్పులొచ్చాయి. ఎక్కడ పొరపాటు?

జవాబు: బాబూ, తప్పు నీలో కన్నా ఆ రూల్లోనే ఎక్కువుంది. అది సగం రూలు. మీ వైపు పేర్లతోనే ఒక రిపోర్టు అల్లాను, చూడు. క్రియలు వరుసగా విన్, బిల్డ్, టచ్, రైజ్, బ్లో, లీవ్.

“రాజోల్ __ ద ఫైనల్ బై త్రీ పాయింట్స్. బై హాఫ్ టైమ్, పాలకొల్లు __ ఎ సెవెన్ పాయింట్ లీడ్. ఆఫ్టర్ ద బ్రేక్, ద రాజోల్ కెప్టెన్ __ త్రీ డిఫెండర్స్ ఇన్ వన్ రెయిడ్ అండ్ ద క్రౌడ్ __ టు ఇట్స్ ఫీట్. వెన్ ద ఫైనల్ విజిల్ __, మెనీ పాలకొల్లు ఫ్యాన్స్ __ ఆల్రెడీ.”

మ్యాచ్ రిపోర్టులో ఒక తిరకాసు ఉంటుంది. ఆఖరున తేలిన ఫలితాన్ని మొదటి వాక్యంలోనే చెప్పేస్తారు. నీ రూలు పట్టుకుంటే గెలుపు కన్నా ముందు జరిగిన ప్రతిదానికీ హ్యాడ్ తగిలించాలి. కెప్టెన్ రెయిడ్‌కి వెళ్ళింది గెలవకముందే కదా! అలా రాస్తే రిపోర్టు నిండా హ్యాడ్‌లే మిగులుతాయి. నువ్వు మునిగింది కూడా ఇక్కడే అయ్యుంటుంది.

అసలు చూడాల్సింది, కథ ఇప్పుడు ఏ ఘడియలో నిలబడి ఉందన్నది. మొదటి ఖాళీ మామూలు కబురు కాబట్టి ‘వన్’. రెండో వాక్యం మనల్ని హాఫ్ టైమ్ దగ్గర నిలబెట్టి, అప్పటికే అయిపోయిన సంగతి చెబుతోంది, కాబట్టి ‘హ్యాడ్ బిల్ట్’. ‘బై హాఫ్ టైమ్’ అన్న మాట కనబడితే చాలా సార్లు దాని వెనకే హ్యాడ్ ఉంటుంది. అక్కణ్ణుంచి కథ మళ్ళీ ముందుకు కదిలింది. బ్రేక్ అయింది, కెప్టెన్ ముగ్గుర్ని తాకాడు, జనం లేచి నిలబడ్డారు. ఒకదాని తర్వాత ఒకటి, జరిగిన వరసలోనే చెబుతున్నాం. వరస తప్పనప్పుడు హ్యాడ్‌తో పనిలేదు. అందుకే ‘టచ్డ్’, ‘రోజ్’.

ఇక విజిల్. ఇక్కడ నీకు తెలుగే దారి చూపిస్తుంది. నరసాపురం వెళ్ళడానికి సఖినేటిపల్లి రేవుకి పరిగెత్తిన రోజులు గుర్తుతెచ్చుకో. ‘రేవు చేరగానే పంటు కదిలింది’ అంటే నువ్వు ఎక్కావు, లేదా కళ్ళ ముందే తప్పిపోయింది. ‘రేవు చేరేసరికి పంటు వెళ్ళిపోయింది’ అంటే నీకు ఖాళీ రేవే మిగిలింది. ఇంగ్లీషులో రెండింటికీ ‘వెన్’ సరిపోతుంది, తేడా అంతా క్రియలో చూపిస్తారు. ‘-గానే’ వస్తే సింపుల్ పాస్ట్, ‘-ఏసరికి అప్పటికే’ వస్తే హ్యాడ్. మన రిపోర్టులో ‘ఆల్రెడీ’ ఉంది కాబట్టి విజిల్ పడేసరికి పాలకొల్లు వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. అంటే ‘బ్లూ’, ఆ తర్వాత ‘హ్యాడ్ లెఫ్ట్’. ఆ ‘ఆల్రెడీ’ని కొట్టేసి చూడు. ‘లెఫ్ట్’ కూడా తప్పు కాదు, కాకపోతే కథ మారుతుంది. మ్యాచ్ అయ్యాక లేచి వెళ్ళారని అర్థమొస్తుంది. అందుకే ఖాళీ ఉన్న వాక్యం ఒక్కటే చూసి జవాబు పెట్టకు. పేరా మొత్తం ఒకసారి చదివి, జరిగిన వరసకి రఫ్ పేపర్ మీద అంకెలు వేసుకో.

రెండు చోట్ల జాగ్రత్త. ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’ ఉన్న వాక్యాల్లో ముందు ఏదో వెనక ఏదో ఆ మాటే చెప్పేస్తుంది కాబట్టి సింపుల్ పాస్ట్ కూడా ఒప్పే. ఇద్దరు మాస్టార్లు రెండు జవాబులు చెబితే కంగారు పడకు. రెండోది, హ్యాడ్ సరిగ్గా కనిపెట్టి కూడా మార్కు పోగొట్టుకోవడం. ‘హ్యాడ్ రోజ్’, ‘హ్యాడ్ వెంట్’ అని రాసేవాళ్ళని రోజూ చూస్తుంటాను. హ్యాడ్ పక్కన రావాల్సింది మూడో రూపం, ‘రిజన్’, ‘గాన్’. ఆప్షన్లలో ఈ వల తప్పకుండా వేస్తారు.

టైర్-1లో ఒక్కో ప్రశ్నకి 2 మార్కులు, తప్పుకి 0.50 కోత. వరస చూశాక రెండు ఆప్షన్లు మిగిలి ఎటూ తేలకపోతే ఒకటి పెట్టెయ్యి. అలాంటివి నాలుగు పెట్టి రెండు తగిలినా 4 వచ్చి 1 పోతుంది, 3 మిగులుతాయి. అసలేమీ తీసెయ్యలేక నాలుగు ఆప్షన్లూ ఒకేలా కనబడుతుంటే దాన్ని పక్కన పెట్టి, టైమ్ మిగిలితే చివర్లో చూడు.