గాజు టేబుల్ మీద ఎండిన సూపర్ గ్లూ

“వైజాగ్, ఎంవీపీ కాలనీ. గ్లాస్ డైనింగ్ టేబుల్ మీద సూపర్ గ్లూ పడి రాయిలా గట్టిపడింది. అసిటోన్‌తో ఎంత రుద్దినా పోవట్లేదు. ఏం చేయాలి?”

రుద్దడం ఆపేయండి. అసిటోన్ గ్లూని క్షణంలో కరిగించదు, మెల్లగా నానబెట్టి మెత్తబరుస్తుంది. మీ ఏరియాలో బాల్కనీ తలుపు తీస్తే సముద్రం గాలికి అది నానేలోపే ఆవిరైపోతుంది.

దూదిని అసిటోన్‌లో తడిపి మరక మీద పెట్టి, పైన పాలిథిన్ కవర్ ముక్క కప్పి, అంచుల మీద బరువు పెట్టండి. పావుగంట తర్వాత గోరుతో నొక్కి చూడండి. అంచు తెల్లబడి జిగురుగా లేస్తే పాత ఏటీఎం కార్డుతో గీకండి. గట్టిగానే ఉంటే మళ్లీ తడపండి. మందపాటి చుక్క పొరలు పొరలుగానే వస్తుంది. చివర్లో మిగిలిన పల్చటి పొరకి, గాజు తడిగా ఉండగానే కొత్త బ్లేడుని దాదాపు పడుకోబెట్టి తోయండి.

టేబుల్ అంచుకి చెక్క పాలిష్, పెయింట్, ప్లాస్టిక్ బీడింగ్ ఉంటే అటు చుక్క కూడా పోనివ్వకండి, మెరుపు పోతుంది. మెరుపు పూత ఉన్న సిరామిక్ టైల్‌కీ ఇదే పద్ధతి, బ్లేడు మాత్రం వద్దు.

నెయిల్ పాలిష్ రిమూవర్ వాడుతుంటే సీసా మీద అసిటోన్ అని ఉందో లేదో చూడండి, లేనిది దీనికి పనికిరాదు. కిటికీలు తీసే ఉంచండి, ఫ్యాన్ గాలి మరక మీద పడకుండా చూసుకోండి. పక్కన వంటగదిలో స్టవ్ వెలిగి ఉంటే మాత్రం అసలు మొదలుపెట్టకండి.